పెంచితే పెరగని క్రిమి: కోచ్ నియమాలు కుష్టు దగ్గర ఎందుకు ఆగిపోయాయి

ప్రతి ఏడూ డిగ్రీ పిల్లలకి కోచ్ పాస్టులేట్లు, అంటే ఒక రోగానికి ఫలానా క్రిమే కారణమని తేల్చే నియమాలు, చెప్తాను. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కాబట్టి వాళ్లు నాలుగు పాయింట్లూ బట్టీ పట్టేస్తారు, నేనూ మార్కులు వేసేస్తాను. ఈ ఏడు మాత్రం పాఠం అయ్యాక, పాలకొండ వైపు నుంచి శ్రీకాకుళం వచ్చి చదువుకునే కుర్రాడొకడు లేచి నిలబడ్డాడు. "సార్, లెప్రసీ క్రిమిని ఇప్పటిదాకా ఎవరూ ల్యాబులో పెంచలేకపోయినారని మీరే చెప్పినారు. అంటే రెండో పాయింటు ఫెయిలే గదా. మరి ఆ క్రిమి వల్లే రోగం వస్తాదని పుస్తకంలో ఎలాగ రాసేసినారు?" అన్నాడు.

బెల్లు కొట్టాక వరండాలో అసలు సంగతి చెప్పాడు. వాళ్ల మామ్మకి ఎప్పుడో ఆ జబ్బు చేసింది. సాలూరు ఆసుపత్రి మందులతో తగ్గింది కానీ కుడిచేతి వేళ్లు వంకర తిరిగి అలాగే ఉండిపోయాయి. ఊళ్లో ఇప్పటికీ దాన్ని పెద్దరోగం అనే అంటారు. పూర్వజన్మ పాపమనే మాట ఇంట్లో ఇంకా నడుస్తోంది. "క్రిమి అని నేను చెప్తే మా తాత, 'నువ్వు చూసినావేటి?' అంటాడు సార్."

తాత అడిగినదీ, మనవడు అడిగినదీ ఒకటే ప్రశ్న. దానికి రెండు నిమిషాల్లో జవాబు చెప్పలేక మర్నాడు రమ్మన్నాను. ఆ మర్నాడు చెప్పిందే ఇది, కాస్త పెంచి రాస్తున్నాను.

ముందుగా ఆ నియమాలు ఎందుకు పుట్టాయో చూడాలి. రాబర్ట్ కోచ్ 1870ల్లో వోల్‌స్టయిన్ అనే చిన్న ఊళ్లో ప్రభుత్వ డాక్టరు. అక్కడి పశువులకి దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, బాగా వచ్చేది. చచ్చిన పశువు రక్తంలో సన్నటి పుల్లల్లాంటివి ఉంటాయని అతని కంటే ముందే కొందరు చూశారు. ఆ రక్తం ఎక్కిస్తే ఇంకో జంతువు చస్తుందనీ తెలుసు. అయినా వాదన తెగలేదు. రక్తంలో పుల్లలే కాదు, ఇంకా సవాలక్ష ఉంటాయి. చంపింది పుల్లలా, రక్తంలో కరిగి ఉన్న ఏదైనా విషమా? పుల్లలు రోగం తెచ్చాయా, రోగం వచ్చాక కుళ్లులో పురుగు పట్టినట్టు పుట్టుకొచ్చాయా?

కోచ్ చేసిన పని మన ఇళ్లలో రోజూ జరిగేదే. ఎద్దు కంటిలోని ద్రవాన్ని బొట్టుగా తీసుకుని, అందులో క్రిముల్ని పెంచాడు. ఆ బొట్టులోంచి రవ్వంత తీసి కొత్త బొట్టులో వేశాడు. అందులోంచి ఇంకోదాంట్లోకి. అలా ఎనిమిది సార్లు. పాలకి తోడు వేయడం అన్నమాట. నిన్నటి పెరుగు చెంచాడు తీసి నేటి పాలలో వేస్తాం, రేపు దీంట్లోంచి ఇంకో చెంచా. ప్రతిసారీ నూరో వంతు తోడు వేశామనుకుంటే, ఎనిమిదో గిన్నెలో మొదటి గిన్నె తాలూకు పెరుగు ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు పెట్టినంతలో ఒక వంతే మిగులుతుంది. అంటే ఆచరణలో ఏమీ లేనట్టే. అయినా పాలు తోడుకుంటున్నాయంటే, తనంతట తాను పెరిగేదేదో గిన్నె నుంచి గిన్నెకి వెళ్తోంది. విషం పలచబడిపోతుంది, ప్రాణమున్నది పలచబడదు. కోచ్ ఎనిమిదో బొట్టు కూడా ఎలుకకి ఎక్కిస్తే మొదటిదానిలాగే ఎలుక చచ్చింది. 1876లో ఇది అచ్చయింది. నా దృష్టిలో కోచ్ గొప్పతనం నాలుగు పాయింట్ల జాబితాలో లేదు, ఈ ఎనిమిదో బొట్టులో ఉంది.

జాబితా తర్వాత వచ్చింది. క్షయ క్రిమి సంగతి 1882లో చెప్పేటప్పుడు కోచ్ ఇదే వరస పాటించాడు. అతని శిష్యుడు లోఫ్లర్ డిఫ్తీరియా మీద రాస్తూ దాన్ని మూడు షరతులుగా విడగొట్టాడు. రోగం ఉన్న ప్రతిచోటా క్రిమి కనిపించాలి. దాన్ని బయటికి తీసి, వేరే ఏదీ కలవకుండా పెంచాలి. పెంచినదాన్ని ఆరోగ్యంగా ఉన్న జీవికి ఎక్కిస్తే అదే రోగం రావాలి. ఆ జీవిలోంచి మళ్లీ అదే క్రిమిని తీసి చూపాలన్న నాలుగోది తర్వాతి వాళ్లు చేర్చారు. పుస్తకాలు నాలుగూ కోచ్ ఖాతాలోనే రాస్తాయి, పరీక్షల్లో మీరూ అలాగే రాయండి.

ఇక కుష్టు. నార్వేలోని బెర్గెన్‌లో హాన్సెన్ అనే డాక్టరు, రోగుల ఒంటిమీది గడ్డల్లో పుల్లల్లాంటి క్రిముల్ని 1873లోనే చూశాడు. కోచ్ దొమ్మ రోగం కాయితం రాయడానికి మూడేళ్ల ముందు. అంటే ఇంత ముందు దొరికిన క్రిమి, నూటయాభై ఏళ్లు దాటినా రెండో నియమాన్ని దాటలేదు. మొదటిదీ సరిగ్గా దాటదు. అక్కడి నుంచే మొదలుపెడదాం.

స్కిన్ స్మియర్ తీయడం మా కుర్రాళ్లకి ఒకసారి చూపించాలని నాకు ఉంటుంది. చెవితమ్మెని బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా నొక్కి పట్టుకుంటారు, రక్తం పోయి తెల్లబడేదాకా. అలాగే పట్టుకుని బ్లేడుతో అయిదు మిల్లీమీటర్ల పొడవు, రెండు మూడు మిల్లీమీటర్ల లోతున గాటు పెడతారు. బ్లేడు అడ్డంగా తిప్పి గాటు లోపలి అంచుని గీకుతారు. వచ్చిన తడిని గాజు పలక మీద పులిమి, ఎర్రటి కార్బోల్ ఫుక్సిన్ రంగు పట్టించి, యాసిడ్‌తో కడిగి, మీద నీలం వేస్తారు. యాసిడ్‌తో కడిగినా ఎరుపు వదలనివి ఈ జాతి క్రిములు. రోగం ముదిరిన మనిషి స్మియర్‌లో నీలం మీద ఎర్రటి పుల్లలు అగ్గిపుల్లల కట్టల్లా గుత్తులుగా కనిపిస్తాయి. మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే మేరని ఫీల్డు అంటారు. ఒక్కో ఫీల్డులో వెయ్యికి పైగా ఉంటే 6+ అని రాస్తారు. వంద ఫీల్డులు వెతికితే ఒకటి నుంచి పదిలోపు దొరికితే 1+.

చిక్కు ఎక్కడంటే, ఒకటో రెండో స్పర్శ లేని మచ్చలున్న మనిషి స్మియర్‌లో చాలాసార్లు ఒక్కటీ దొరకదు. సున్నా అని రాయాలి. కానీ మచ్చ ఉంది, దూదితో తాకితే తెలియడం లేదు, మోచేతి దగ్గర నరం తాడులా దళసరిగా తగులుతోంది. రోగం ఖాయం, క్రిమి కనబడదు. ఎందుకంటే గ్రాము కణజాలంలో సుమారు పదివేల క్రిములన్నా ఉంటే తప్ప స్మియర్‌లో కంటికి చిక్కవు. ఈ మనిషి ఒళ్లు వాటిని గట్టిగా అణిచిపెట్టింది, ఆ అణిచివేతలో నరమే నలిగిపోయింది. అవతల 6+ మనిషి ఒళ్లు వాటిని అడ్డుకోనే లేదు, గ్రాముకి వంద కోట్ల దాకా పెరిగాయి. ఒకటే క్రిమి, ఒకటే రోగం. మొదటి నియమం మాత్రం ఒకరి దగ్గర నెగ్గింది, ఒకరి దగ్గర ఓడింది. 'ప్రతిచోటా కనిపించాలి' అన్నప్పుడు, దేనితో చూస్తే కనిపించాలో కోచ్ చెప్పలేదు. అదే ముక్కలో డీఎన్‌ఏ వెతికితే, స్మియర్ సున్నా అన్నవాళ్లలో కొందరిలో క్రిమి జాడ దొరుకుతుంది.

రెండో నియమం దగ్గర ఓటమి పూర్తిది. మన పేగుల్లో ఉండే ఇ.కోలై అనే క్రిమి మంచి మీడియాలో, అంటే ల్యాబులో క్రిములకి పెట్టే తిండిలో, ఇరవై నిమిషాలకి రెండింతలవుతుంది. క్షయ క్రిమికి దాదాపు ఇరవై గంటలు. కుష్టు క్రిమికి పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు. ఆలస్యం ఒక్కటే అయితే ఓపిక పట్టేవాళ్లు. 2001లో దాని జన్యుపటం మొత్తం చదివాక సంగతి తెలిసింది. దానికి పనిచేసే జన్యువులు సుమారు 1,600 మాత్రమే ఉన్నాయి, పాడుబడి పనిచేయకుండా పోయినవి 1,100కి పైగా ఉన్నాయి. క్షయ క్రిమికి దాదాపు 4,000 ఉంటాయి. తరతరాలుగా ఇంకొకరి ఇంట్లో అద్దె లేకుండా ఉంటూ, పొయ్యీ రోలూ కూడా అమ్ముకున్నవాడి లాంటిది ఇది. బయట గిన్నెలో ఎంత మంచి తిండి పెట్టినా వండుకోలేదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. పెంచలేకపోవడం ఒక తలనొప్పి, పెంచేశామనుకోవడం అంతకు మించిన తలనొప్పి. గత నూరేళ్లలో కుష్టు క్రిమిని పెంచామని ప్రకటించినవాళ్లు ఒకరిద్దరు కారు. మన ముంబైలోనే 1958లో రోగుల ముక్కల నుంచి ఒక క్రిమిని పెంచారు, ఐసీఆర్‌సీ బాసిల్లస్ అని పేరొచ్చింది, దాని మీద టీకా కూడా తయారు చేసి పరీక్షించారు. తీరా పరిశీలిస్తే అది కుష్టు, క్షయ క్రిముల వంశమైన మైకోబాక్టీరియాలోనే వేరే జాతి గుంపుది. ఇలాంటివి మట్టిలో, నీళ్లలో కొల్లలు. అవీ యాసిడ్‌కి ఎరుపు వదలవు. నెలల తరబడి మీడియా పెట్టి ఎదురు చూస్తుంటే, అసలుది కదలదు, ముక్కతోపాటు వచ్చిన ఒకటో రెండో ఇలాంటివి హాయిగా పెరిగి కూర్చుంటాయి. చూసేవాడికి ఎర్రటి పుల్లలు కనిపిస్తాయి, రెండో నియమం నెరవేరిందని సంబరపడతాడు. మామూలు క్షయ మీడియా మీద పెరిగిందంటే అది కుష్టు క్రిమి కాదని ఇప్పుడు ల్యాబుల్లో లెక్క. పెరగకపోవడమే దాని గుర్తింపు చిహ్నం అయిపోయింది.

మూడో నియమం కథ కాస్త చేదుగా ఉంటుంది. హాన్సెన్ మామగారు డేనియల్‌సెన్ బెర్గెన్‌లో పేరున్న కుష్టు వైద్యుడు. ఆ రోగం వంశపారంపర్యమని ఆయన నమ్మకం. దాన్ని నిరూపించడానికి రోగుల గడ్డల్లోని పదార్థాన్ని తనకే ఎక్కించుకున్నాడు, ఆసుపత్రివాళ్లు కొందరికి కూడా. ఎవరికీ ఏమీ కాలేదు. అంటుకోదని రుజువైపోయిందని ఆయన అనుకున్నాడు. అల్లుడు హాన్సెన్ అంటుకుంటుందని చూపడానికి ప్రయత్నించాడు. కుందేళ్లకి ఎక్కిస్తే ఏమీ కాలేదు. 1879లో, తేలికపాటి రకం కుష్టు ఉన్న ఒక రోగి కంట్లో, ముదిరిన రకం గడ్డలోని పదార్థం ఎక్కించాడు, ఆమెని అడగకుండా. కేసు కోర్టుకి వెళ్లింది, 1880లో ఆసుపత్రి పదవి ఊడింది. రోగం మాత్రం మారలేదు.

ఇంకో సంఘటన హవాయిలో. 1884లో ఎడ్వర్డ్ ఆర్నింగ్ అనే డాక్టరు, ఉరిశిక్ష పడిన కియాను అనే ఖైదీకి ఉరి తప్పిస్తామన్న ఒప్పందం మీద ముంజేతిలో కుష్టు గడ్డ ముక్క నాటాడు. మూడేళ్లు తిరిగేసరికి అతనిలో స్పష్టమైన కుష్టు కనిపించింది. పైకి చూస్తే మూడో నియమం నెరవేరినట్టే. ఇదే ప్రశ్న క్లాసులో వేస్తే సగం మంది చేతులెత్తి 'నెరవేరింది సార్' అంటారు. తర్వాత ఆరా తీస్తే, కియాను కొడుకుతో సహా దగ్గరి బంధువుల్లో కొందరికి కుష్టు ఉందని బయటపడింది. ఉన్నది కుష్టు విస్తారంగా ఉన్న దీవుల్లో. ఈ రోగం అంటుకున్నాక బయటపడటానికి సగటున అయిదేళ్లు పడుతుంది, ఇరవై ఏళ్లు కూడా పట్టొచ్చు. అలాంటప్పుడు అతనికి రోగం వచ్చింది డాక్టరు నాటిన ముక్క నుంచా, అంతకు ముందే ఇంట్లోంచా? చెప్పడానికి దారే లేదు. ఎక్కించని మనిషి పక్కన లేకుండా ఎక్కించిన మనిషి ఒక్కడు దేనికీ రుజువు కాడు. ఒక మనిషిని అలా వాడుకున్న తప్పు అలాగే ఉండిపోయింది, తెలిసింది శూన్యం.

ఇలా ఎనభై ఏళ్లు గడిచాయి. దారి ఎలక కాలిలో దొరికింది.

చార్లెస్ షెపర్డ్ అనే అమెరికన్ ఒక చిన్న విషయం పట్టుకున్నాడు. కుష్టు ముందుగా ఎక్కడ వస్తుంది? చెవులు, ముక్కు, చేతులు, కాళ్లు, చర్మానికి దగ్గరగా పోయే నరాలు. ఒంట్లో చల్లగా ఉండే చోట్లు. ఎలక ఒంట్లో చల్లటి చోటు దాని అరికాలు. 1960లో అయిదు నుంచి పదివేల క్రిముల్ని లెక్కపెట్టి అరికాలిలోకి ఎక్కించాడు. ఆరేడు నెలల తర్వాత చూస్తే అవి పది లక్షల దాకా పెరిగాయి. ఈ లెక్క మా పిల్లల చేత బోర్డు మీద చేయిస్తాను. అయిదు వేలు పది లక్షలవ్వాలంటే రెండువందల రెట్లు, అంటే ఏడెనిమిది సార్లు రెండింతలవ్వాలి. విడతకి పదమూడు రోజుల చొప్పున వంద రోజులు. మొదట కుదురుకోడానికి పట్టే కాలం కలుపుకుంటే ఆ ఆరు నెలలు సరిపోతాయి. ఇ.కోలై అయితే ఇదే పని మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వచ్చి ఒక కునుకు తీసేలోపు ముగించేది.

1971లో కిర్చ్‌హైమర్, స్టార్స్ అనే ఇద్దరు ఆర్మడిల్లో అనే అమెరికా జంతువులో కుష్టుని తెప్పించారు. చూడటానికి మన అడవుల్లోని అలుగుకి చుట్టంలా ఉంటుంది గానీ ఏ చుట్టరికమూ లేదు. దాని ఒంటి వేడే 33–35 డిగ్రీలు, కాబట్టి క్రిమి ఒళ్లంతా పాకి కాలేయంలో కూడా కుప్పలుగా పెరుగుతుంది. మొదటిసారి పరిశోధనకి కావలసినన్ని క్రిములు చేతికొచ్చాయి. జన్యుపటం చదవడానికి వాడినవీ ఆర్మడిల్లోలో పెంచినవే.

అయితే కోచ్ అడిగింది ఇది కాదు కదా అని కుర్రాడు ఇక్కడ కూడా పట్టుకున్నాడు. మంచి పాయింటే. ఎలక కాలు ప్యూర్ కల్చర్ కాదు. రోగి ముక్కలోంచి నేరుగా ఎలకకి వెళ్లినదాంట్లో క్రిమి ఒక్కటే ఉందని హామీ లేదు. అసలు ఎనిమిదో బొట్టు కథంతా ఈ హామీ కోసమే. అందుకే నాకు ఈ మొత్తంలో బాగా నచ్చే ప్రయోగం ఇంకోటుంది. దాన్ని కోచ్ ఊహించి ఉండడు, ఎందుకంటే అతని కాలానికి మందే లేదు.

1940ల చివర నుంచి కుష్టుకి డాప్సోన్ వాడుతున్నారు. ఏళ్ల తరబడి వాడి తగ్గినవాళ్లలో కొందరికి మందు వేసుకుంటుండగానే మళ్లీ గడ్డలు లేవడం మొదలైంది. మలేషియాలోని సుంగై బులో కుష్టు కేంద్రంలో పెటిట్, రీస్ అనేవాళ్లు దీని వెనక పడ్డారు. రోగి మాత్రలు మింగడం లేదేమోనన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది, అందుకని కళ్లెదుట మందిచ్చి చూశారు. అయినా తగ్గలేదు. అప్పుడు వాళ్ల గడ్డల్లోని క్రిముల్ని ఎలకల అరికాళ్లలో ఎక్కించి, ఎలకల మేతలో డాప్సోన్ కలిపారు. మామూలు రోగుల నుంచి తెచ్చిన క్రిములు ఆ మేత తిన్న ఎలకల్లో పెరగలేదు. ఈ రోగుల నుంచి తెచ్చినవి పెరిగాయి. 1964లో ఇది అచ్చయింది.

దీని బలం ఎక్కడుందో నెమ్మదిగా చూడండి. ఒకవేళ ఆ ఎర్రటి పుల్లలు రోగం వచ్చాక చేరిన చుట్టాలే అనుకుందాం, రోగం తెచ్చింది ఇంకేదో అనుకుందాం. అప్పుడు పుల్లలకి మందు ఎక్కకపోతే మనిషికి రోగం తిరగబెట్టాల్సిన పనేముంది? మందు పుల్లల్ని ఆపినచోట రోగం ఆగింది, ఆపలేనిచోట తిరగబెట్టింది, రెండూ ఒకే మనిషి దగ్గర ఒకదాని వెంట ఒకటి నడిచాయి. తర్వాత ఆ మొండి క్రిముల డీఎన్‌ఏలో, డాప్సోన్ పట్టుకునే చోట, ఒకటి రెండు అక్షరాలు మారి ఉన్నాయని తేలింది. ఆ జన్యువు పేరు `folP1`. రిఫాంపిసిన్ అనే ఇంకో మందుకి లొంగనివాటిలో ఇలాగే `rpoB`లో మార్పు ఉంటుంది. క్రిమి జన్యువులో ఒక అక్షరం మారితే మనిషి ఒంటిమీద గడ్డ తిరిగి లేస్తోంది. ఎక్కడో దాగిన వేరే కారణానికి ఇక చోటు మిగల్లేదు. ఇప్పుడు ఒకటికి మించి మందులు కలిపి ఇవ్వడం కూడా ఈ గుణపాఠం తర్వాతే వచ్చింది. బ్లిస్టరు ప్యాక్‌లో డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ పక్కపక్కన ఉండటానికి కారణం ఇదే.

అమెరికా దక్షిణాన 2011లో ఇంకో దారం కలిసింది. అక్కడి అడవి ఆర్మడిల్లోల్లో, అక్కడి రోగుల్లో చాలామందిలో ఒకే రకం క్రిమి, జన్యువు గుర్తులతో సహా దొరికింది. ఏ డాక్టరూ ఎవరికీ ఎక్కించకుండానే ప్రకృతి ఆ మూడో నియమం ప్రయోగం చేసి పెట్టిందన్నమాట.

ఇంతా అయ్యాక, 2008లో నియమాలకి ఇంకో పక్క నుంచి దెబ్బ తగిలింది. మెక్సికో మూలాలున్న రోగుల్లో కుష్టు లాంటిది కాదు, కుష్టే, ఇంకో జాతి క్రిమి వల్ల వస్తోందని తేలింది. మైకోబాక్టీరియం లెప్రొమాటోసిస్ అని పేరు పెట్టారు. ఒక రోగానికి ఒకే క్రిమి అన్న ఊహ మీదే మొదటి నియమం నిలబడింది. మొండిగా పట్టుకుంటే, ఆ రోగుల్లో లెప్రే అనే పాత క్రిమి లేదు కాబట్టి అది కుష్టుకి కారణం కాదని తీర్పు చెప్పాలి. అంత తెలివితక్కువ తీర్పు ఎవరూ చెప్పరు గానీ, నియమం అక్షరాలా పాటిస్తే వచ్చేది అదే.

మామ్మ చేతి సంగతి కుర్రాడు చివర్లో అడిగాడు. మందు పూర్తయ్యాకే వేళ్లు వంగాయట. క్రిమి చచ్చాక చెయ్యి ఎందుకు పాడైంది? చచ్చిన క్రిముల ముక్కలు నరాల్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఒళ్లు వాటి మీద యుద్ధం చేస్తే నరం వాస్తుంది. దీన్ని రియాక్షన్ అంటారు. నరం నొప్పి, వాపు మొదలైన రోజుల్లోనే వాపు తగ్గించే ప్రెడ్నిసోలోన్ ఇస్తే చాలావరకు చెయ్యి నిలబడుతుంది, ఆలస్యమైతే అలా ఉండిపోతుంది. అప్పుడు స్మియర్ తీసి ప్రాణమున్న క్రిమి కోసం వెతికితే దొరకదు. అలాగని ఆ చేతికి కారణం క్రిమి కాదందామా?

వారం తర్వాత కుర్రాడు మళ్లీ వచ్చాడు. ఎలకల మేతలో మందు కలిపిన కథంతా తాతకి చెప్పాడట. తాత మొత్తం విని, "బాగానే ఉంది గానీ, నలభై ఏళ్లు దానితోటే ఒక ఇంట్లో ఉన్నాను, ఒక మంచం మీద పడుకున్నాను. మరి నాకెందుకు రాలేదేటి?" అన్నాడట.

ఈ ప్రశ్న దగ్గర కోచ్ నియమాలు నాలుగూ కలిపినా పనికిరావు. 'ఆరోగ్యంగా ఉన్న జీవికి ఎక్కిస్తే రోగం రావాలి' అన్నదాంట్లో ఎక్కించిన ప్రతి జీవికీ వస్తుందన్న ఊహ ఉంది. దొమ్మ రోగానికి ఎలక సరిపోయింది, ఎక్కిస్తే చస్తుంది. కుష్టు క్రిమి తగిలినవాళ్లలో నూటికి తొంభై అయిదు మందికి పైగా ఏమీ కాదు. డేనియల్‌సెన్‌కి ఏమీ కాకపోవడానికీ, పాలకొండ తాతకి ఏమీ కాకపోవడానికీ కారణం ఒకటే. చైనాలో 2009లో రోగుల జన్యువుల్నీ, రోగం లేనివాళ్ల జన్యువుల్నీ పోల్చి చూస్తే, క్రిముల్ని పసిగట్టే కొన్ని జన్యువుల్లో తేడాలు దొరికాయి. `NOD2` అన్నది వాటిలో ఒకటి. కాబట్టి తాత ప్రశ్నకి జవాబు సగం తాత ఒంట్లోనే ఉంది.

"అలాగైతే పరీక్షలో ఏటి రాయమంటారు సార్?" అన్నాడు. నాలుగు పాయింట్లూ రాసి, కింద కుష్టు ఉదాహరణ రాయమన్నాను. ఎలక అరికాలు, డాప్సోన్ మేత కూడా రాస్తే ఒక మార్కు ఎక్కువేస్తానన్నాను. బయటి ఎగ్జామినరు వేస్తాడో లేదో మరి.